శుక్రవారం వీసా

ముందే ఒప్పుకుంటాను. నన్ను మోసం చేయడానికి ఆ ఏజెంటు పెద్దగా శ్రమపడలేదు. శ్రమంతా నేనే పడ్డాను.

నేను ఆదోనిలో దర్జీని. వృత్తిలోకి వచ్చినప్పటి నుంచి గిరాకీలకు నేను చెప్పిన మాట ఒక్కటే: "వచ్చే శుక్రవారం రాప్పా." కత్తెర పడని గుడ్డకూ అదే మాట, కాజాలు మాత్రమే మిగిలిన చొక్కాకూ అదే మాట. శుక్రవారం అనేది దర్జీల పంచాంగంలో వారం కాదు, వాయిదా. అలాంటి నాకు ఇంకొకడు వచ్చి "నీ వీసా వచ్చే శుక్రవారం వస్తాది" అంటే నమ్మాను. ఒక్కసారి కాదు, ఎనిమిది నెలలు నమ్మాను.

ఇంతకన్నా సిగ్గుపడాల్సిన సంగతి ఇంకొకటి ఉంది. వారం వారం జుమ్మా నమాజుకు పోయే మనిషిని నేను. నేను పోవాలనుకున్న సౌదీలో శుక్రవారం కచేరీలన్నీ మూసి ఉంటాయని నాకు తట్టలేదు. మూసిన కచేరీలో ఎవడు ముద్ర వేస్తాడు? మసీదు మెట్లు దిగుతూ కూడా, ఈ పాటికి అక్కడ నా కాగితం మీద ముద్ర పడి ఉంటుందని లెక్క వేసుకునేవాణ్ణి.

ఎనభైల్లో మా ఊళ్లో ప్రతి వీధికీ ఒక గల్ఫు మనిషి ఉండేవాడు. సెలవుకు వచ్చినవాడి చేతికి గడియారం, వాడి ఇంటికి టేప్ రికార్డరు, వాడి పక్కింటికి నిద్ర లేకపోవడం. నా దగ్గర లంగోటా కత్తిరించడం నేర్చుకున్న కుర్రవాడొకడు జెద్దాలో యూనిఫారాలు కుట్టి, వచ్చి తండ్రికి పక్కా ఇల్లు కట్టించాడు. మా ఆవిడ ఆ ఇంటి ముందు నుంచి పోయినప్పుడల్లా ఏమీ అనేది కాదు. ఆ ఏమీ అనకపోవడమే నాకు బాగా వినబడేది.

అప్పుడు ఎమ్మిగనూరు నుంచి ఏజెంటు వచ్చాడు. నేతగాళ్ల ఇంట పుట్టినవాడు, మగ్గం వదిలి మనుషుల్ని పంపే పని పట్టుకున్నాడు. మోటారు సైకిలు, చంకలో తోలు సంచి, నవ్వు ముఖం. నా దుకాణంలో సఫారీ సూటుకు కొలతలు ఇస్తూ సౌదీ గురించి చెప్పాడు. బొంబాయిలో పెద్ద కంపెనీ ఉందట, దానికి తాను ఈ ప్రాంతపు మనిషట, జెద్దాలో దర్జీలు కావాలట, తిండీ గదీ వాళ్లవేనట. సౌదీ సౌదీ అంటూ అతను చెప్పింది సోది అని తర్వాత తెలిసింది. అప్పటికి మాత్రం అతని ఛాతీ చుట్టూ టేపు పట్టుకుని నిలబడ్డ నాకు, ఆ ఛాతీలో ఉన్నదంతా నిజాయితీగానే తోచింది.

ఒప్పంద పత్రం స్టాంపు కాగితం మీద టైపు చేయించి తెచ్చాడు. ఒక గుడ్డను కత్తిరించే ముందు రెండుసార్లు కొలిచే వాణ్ణి నేను. ఆ కాగితాన్ని ఒక్కసారి కూడా చదవలేదు. అతను నా బల్ల మీదే పరిచాడు, నేను నా సుద్దముక్క పక్కన పెట్టి సంతకం చేశాను. మొత్తం తొమ్మిది వేలు. ఎనిమిది వేలకు రసీదులు ఇచ్చాడు. చివరి వెయ్యి డాక్టరు పరీక్షకన్నాడు, రసీదు పుస్తకం అయిపోయిందన్నాడు. అయిపోయింది పుస్తకం కాదని అప్పుడు నాకు తెలియదు.

ఆ డబ్బు ఎక్కడిదో చెప్పకపోతే కథ సగమే. రెండు మిషన్లలో ఒకటి అమ్మాను. మా ఆవిడ చీటీ ఎత్తింది. అవీ చాలక దుకాణం ఖాళీ చేసి, ఆ గదికి నేను కట్టిన అడ్వాన్సు వెనక్కి తీసుకున్నాను. పోయేవాడికి దుకాణం ఎందుకనుకున్నాను. గది యజమాని పక్కనే బట్టల కొట్టు నడిపే శెట్టి. పెద్ద మనిషి. తాళం చెవి తీసుకుంటూ నా ముఖం వైపు చూసి, "సాబూ, పోయేది ఖాయమేనా?" అని అడిగాడు. వచ్చే శుక్రవారమే అన్నాను.

పాస్‌పోర్టు ఏజెంటు దగ్గర, దుకాణం శెట్టి దగ్గర, నేను ఎవరి దగ్గరా కాకుండా మిగిలాను. శెట్టి జాలిపడి తన కొట్టు అరుగు మీద నా ఒంటి మిషను పెట్టుకోనిచ్చాడు. ఎండ పడ్డప్పుడల్లా మిషను జరుపుకుంటూ, వాన పడ్డప్పుడల్లా గుడ్డలు కప్పుకుంటూ కుట్టేవాణ్ణి. పాత గిరాకీలు పోతూ పోతూ, "ఏమన్నా, ఇంగా జెద్దా పోలేదా? అరుగు మీదికి వచ్చినావే, ఇదేనా జెద్దా?" అనేవారు. పోతానప్పా, విమానం గాలి నింపుకుంటోంది అని నేనూ నవ్వేవాణ్ణి. నవ్వకపోతే వాళ్లు జాలిపడతారు. జాలి కన్నా నవ్వే నయం.

నెలకోసారి బస్సెక్కి ఎమ్మిగనూరు పోయేవాణ్ణి. ఏజెంటు ఎప్పుడూ విసుక్కోలేదు. టీ తెప్పించేవాడు. వీసా బొంబాయి నుంచి బయలుదేరింది అనేవాడు. మరుసటి నెల, కంపెనీ పేరులో ఒక అక్షరం తప్పు పడింది, తిరిగి పోయింది అనేవాడు. ఇంకో నెల, అక్కడ ఎండలు జాస్తి, పనులు ఆపినారు అనేవాడు. ఎనిమిది నెలల్లో నాకు వీసా కాదు గదా, వీసం కూడా రాలేదు.

మరి డబ్బు తిరిగి అడగొచ్చు కదా అంటారు. ఇక్కడే నా వృత్తి నన్ను ముంచింది. మా దర్జీల్లో ఒక కట్టుబాటు ఉంది. గిరాకీ మనసు మార్చుకుని గుడ్డ వెనక్కి అడిగితే గుడ్డ ఇస్తాం, అడ్వాన్సు మాత్రం ఇవ్వం. నాకు అడ్వాన్సు ఇచ్చి మానుకున్నవాళ్ల డబ్బు నేను ఎన్నడూ తిరిగి ఇవ్వలేదు. అదే నియమం నా నెత్తి మీదికీ తెచ్చుకున్నాను. నేను గనక "నాకొద్దు" అంటే మానుకున్నది నేనే అవుతాను, తొమ్మిది వేలూ పోతాయి. అనకపోతే ఏదో ఒక శుక్రవారం వీసా రావచ్చు. అందుకని నోరు కుట్టుకుని కూర్చున్నాను. నా జీవితంలో ఇంత గట్టి కుట్టు ఇంకెక్కడా వేయలేదు.

కదిలించినవాడు శెట్టి. ఒక సాయంత్రం కొట్టు కట్టేస్తూ నా మిషను పక్కన కూర్చున్నాడు. గది కోసం ఒక ఫోటో స్టూడియో వాడు తిరుగుతున్నాడనీ, అడ్వాన్సు ఎక్కువ ఇస్తానంటున్నాడనీ చెప్పాడు. తర్వాత అన్నాడు: "షబేబరాత్ దాకా ఆగుతా సాబూ. నీ సీజనేందో నాకు తెలుసు. ఆ పండగ దాటితే మాత్రం నన్ను తిట్టుకోవద్దు."

రంజాన్‌కు పదిహేను రోజుల ముందు వచ్చేది షబేబరాత్. ఆ రోజు నుంచి మా వీధుల్లో ఈదు పండగ బట్టలు కుట్టడానికి పడతాయి. ఆ నెలన్నరలో సంపాదించిందే దర్జీకి ఏడాది బియ్యం. ఆ సీజను అరుగు మీద, ఒంటి మిషనుతో ఎత్తలేను. గది తిరిగి కావాలంటే అడ్వాన్సు కట్టాలి, ఇంకో మిషను కొనాలి. రెండూ ఏజెంటు తోలు సంచిలో ఉన్నాయి. షబేబరాత్‌కు మూడు నెలలు కూడా లేదు.

ఆ రాత్రి మా ఆవిడకు అంతా చెప్పాను. ఆమెకు అంతా ముందే తెలుసు. చీటీ ఎత్తిన చేతులవి. ఆమె అడిగింది ఒక్కటే, నీ గిరాకీల్లో కోర్టుకు పోయే నల్లకోటువాడు ఒకడున్నాడు కదా, వాడేం పనికిరాడా అని.

ఉన్నాడు. ఆ వకీలు కోటు చంకల దగ్గర చిరిగితే నేనే కుట్టిచ్చాను, మూడు శుక్రవారాలు తిప్పి. నన్ను చూడగానే, "అన్నా, ఇంగ నీ వాయిదాలు నా కోర్టుకే తెచ్చినావా?" అన్నాడు. ఒప్పంద పత్రం చేతికిచ్చాను. నేను ఎనిమిది నెలల్లో చదవని కాగితాన్ని ఆయన రెండుసార్లు చదివాడు. నన్ను అడిగిన మొదటి మాట: "నువ్వు పోనని యాడన్నా రాసిచ్చినావా?"

లేదన్నాను. భయపడి రాయలేదని కూడా చెప్పాను. మా దర్జీల అడ్వాన్సు కట్టుబాటు చెప్పాను. ఆయన నవ్వలేదు. కాగితంలో ఒక చోట వేలు పెట్టి చూపించాడు. అభ్యర్థి తనంతట తాను మానుకుంటే కట్టిన సొమ్ము తిరిగి రాదు. ఏజెంటు ఆరు నెలల్లో ఉద్యోగమూ వీసా చూపించలేకపోతే, మొత్తం సొమ్మూ తిరిగి ఇవ్వాలి. రెండు షరతులూ ఒకదాని కింద ఒకటి ఉన్నాయి.

"ఒక మాట సెప్పన్నా," అన్నాడు. "పెండ్లికి సూటు ఇస్తానని పెండ్లి దాటిపోయినా ఇయ్యలేదనుకో. గిరాకీ వచ్చి గుడ్డా దుడ్లూ రెండూ అడిగితే ఏం చేస్తావు?"

"రెండూ ఇస్తా. తిట్లు కూడా తింటా."

"మరి ఈడ గిరాకీ నువ్వు. గడువు తప్పినోడు వాడు. నువ్వు మానుకోలేదు, వాడు ఇయ్యలేదు. ఈ రెండిటికీ మధ్యనే నీ తొమ్మిది వేలుండాయి. మందిలో గానీ, కాగితం మీద గానీ, 'నాకిష్టం లేదు' అన్న మాట నీ నోట రాకూడదు."

ఇంకో సంగతి కూడా చెప్పాడు. విదేశాలకు పనివాళ్లను పంపేవాళ్లు ప్రభుత్వం దగ్గర రిజిస్టరు చేసుకుని ఉండాలని కొత్త చట్టం వచ్చిందట. రిజిస్ట్రేషన్ లేకుండా ఈ పని చేయడం నేరమట. ఉన్నా కూడా, చట్టం ఒప్పుకున్న రుసుము కన్నా ఎక్కువ తీసుకోకూడదట. మా ఒప్పందంలో బొంబాయి కంపెనీ ఊసు ఒక్కచోటా లేదు. డబ్బు తీసుకున్నదీ, సంతకం పెట్టిందీ ఎమ్మిగనూరు మనిషి. అతనికి రిజిస్ట్రేషన్ ఉందా అని వకీలు అడిగితే, నేను మోటారు సైకిలుకు ఉందని చెప్పాను. అప్పుడు నవ్వాడు.

నోటీసు ఆ వారమే తయారైంది. దాంట్లో ఉన్నది ఇంతే. ఫలానా రోజు ఒప్పందం ప్రకారం ఆరు నెలల గడువు దాటిపోయింది, ఉద్యోగ పత్రం గానీ వీసా గానీ చూపలేదు. మీ వైఫల్యం వల్ల ఈ ఒప్పందాన్ని ఇంతటితో రద్దు చేస్తున్నాము. తీసుకున్న సొమ్ము, పాస్‌పోర్టు పదిహేను రోజుల్లో తిరిగి ఇవ్వాలి. ఇవ్వకపోతే సొమ్ముకు సివిలు దావా వేస్తాము, మోసం కింద పోలీసులకు, అనుమతి లేకుండా మనుషుల్ని పంపుతున్నందుకు వలసల అధికారికి ఫిర్యాదు చేస్తాము. నేను ఆ మాటల మధ్య ఎక్కడైనా "దయచేసి" అని చేర్చమన్నాను. వకీలు చేర్చలేదు. రసీదు లేని వెయ్యి సంగతి కూడా రాశాడు గానీ, దాని మీద ఆశ పెట్టుకోవద్దన్నాడు.

ఒక ప్రతి రసీదు కార్డుతో రిజిస్టరు పోస్టులో పోయింది. ఇంకో ప్రతి మామూలు కవరులో, పోస్టు చేసినట్టు పోస్టాఫీసు ముద్ర వేయించుకుని పంపాడు. రెండెందుకని నేను అడిగితే, ఒకటి తీసుకోకుండా ఉండడానికీ, రెండోది చదువుకోవడానికీ అన్నాడు. అట్లే అయింది. రిజిస్టరు కవరు "తీసుకోనన్నారు" అని పోస్టుమ్యాను రాతతో వెనక్కి వచ్చింది. నేను చతికిలబడ్డాను. వకీలు మాత్రం దాన్ని విప్పకుండా, అట్లే ఫైలులో పెట్టాడు. తీసుకోనంటే అందినట్టే లెక్క అన్నాడు.

రెండో కవరు పని చేసింది. నాలుగు రోజులకు ఎమ్మిగనూరు నుంచి ఆదోని సంతకొచ్చిన ఒకతను ఏజెంటు మాట మోసుకొచ్చాడు. ఒక్కసారి ఇంటికి రావాలట. వకీలు లేకుండా రావాలట. మన మధ్య వకీలెందుకు అన్నాడట.

వకీలు పొమ్మన్నాడు. పోయి టీ తాగు, సంతకం మాత్రం పెట్టవద్దు అన్నాడు. మా ఆవిడకు ఆ మాత్రం నమ్మకం కూడా లేదు. నా జేబులోంచి పెన్ను తీసి ఇంట్లో పెట్టుకుంది.

అప్పటిదాకా నేను చూసింది అతను ఆఫీసుగా వాడుకునే లాడ్జి గది. ఇల్లు చూడలేదు. నేతగాళ్ల వీధిలో, అటూ ఇటూ మగ్గాల చప్పుడు మధ్య, రెండు గదుల ఇల్లు. ముందు గదిలో కుర్చీలు. లోపలి గదిలో గుంట మగ్గం మీద ఎవరో నేస్తున్నారు. దారం కండె మోసే నాడె అటు కొట్టి ఇటు కొట్టే చప్పుడు తలుపు చాటు నుంచి వస్తూనే ఉంది. అతని తల్లి అని తర్వాత తెలిసింది.

ఏజెంటు మారిపోయాడు. సఫారీ సూటు అదే, నేను కుట్టిందే, కానీ భుజాల దగ్గర వదులైంది. మనిషి చిక్కినట్టున్నాడు. టీ వచ్చింది. బొంబాయి వాడు ఫోను ఎత్తడం లేదని చెప్పాడు. తన అన్న కొడుకు డబ్బు కూడా వాడి దగ్గరే ఉందన్నాడు. నా డబ్బులో సగం అక్కడికి పంపానన్నాడు. అబద్ధం చెబుతున్నాడని నాకు అనిపించలేదు. కొలతలు తీసుకునేవాడికి మనిషి ఎంత తగ్గాడో తెలుస్తుంది.

జాలి వేసింది. జాలి వేసిన క్షణంలోనే అతను ఒక తెల్ల కాగితం, పెన్ను నా ముందు పెట్టాడు.

"సాబన్నా, కోర్టులు మనకొద్దు. నాకు ఇప్పుడు పోయేదానికి ఇష్టం లేదు, నా దుడ్లు తిరిగి ఇప్పించండి అని రెండు ముక్కలు రాసియ్యి. అది పట్టుకోని బొంబాయి పోతా. వాని మెడ మీద కూచోని తెస్తా."

ఎంత మర్యాదగా అడిగాడో చెప్పలేను. నా చేయి నాకు తెలియకుండానే పెన్ను మీదికి పోయింది. ఇంట్లో మా ఆవిడ నా పెన్ను దాచింది గానీ, ఊళ్లో పెన్నులన్నీ దాచలేదు కదా. మూత తీశాను కూడా. "నాకు" అని రాశాను. తర్వాత రావాల్సిన మాట దగ్గర వకీలు గొంతు వినిపించింది.

మూత పెట్టేశాను.

"నాకు ఇష్టమేనన్నా," అన్నాను. "ఈ పొద్దే పోతా. సంచి సర్దుకోని వస్తా. వీసా సూపించు."

అతను టీ గ్లాసు పక్కకు జరిపాడు.

"వీసా లేకుంటే కంపెనీ కాగితమన్నా సూపించు. జెద్దాలో యా కంపెనీ, ఎంత జీతం."

"అవన్నీ బొంబాయిలో ఉండాయి కదన్నా."

"సరే. మనుషుల్ని పంపేదానికి నీకు సర్కారు ఇచ్చిన రిజిస్ట్రేషన్ కాగితముంటాది కదా, అది సూపించు. అది ఎమ్మిగనూర్లోనే ఉండాల."

ఇంత ధైర్యం నాకు ఎక్కడిదని ఇప్పటికీ ఆశ్చర్యపోతాను. బస్సులో వస్తూ వస్తూ ఆ మూడు ప్రశ్నలూ వల్లె వేసుకున్నాను, కలిమా నేర్చుకునే పిల్లవాడిలాగా. నాలుగో ప్రశ్న నా దగ్గర లేదు. అతను గనక తిరిగి ఏదైనా అడిగి ఉంటే నేను టీ గ్లాసు కడిగిచ్చి వచ్చేసేవాణ్ణి.

అతను ఏమీ అడగలేదు. అప్పుడే లోపలి గదిలో మగ్గం ఆగిపోయింది. మగ్గాల వీధిలో ఒక మగ్గం ఆగితే బయటివాళ్లకు తెలియదు. ఆ ఇంట్లో కూర్చున్నవాడికి మాత్రం చెవిలో ఏదో పడిపోయినట్టుంటుంది. ముసలామె చేతులకు గంజి వాసనతో వచ్చి గుమ్మంలో నిలబడింది. కొడుకును చూసింది, కాగితాన్ని చూసింది, నన్ను చూడలేదు.

"కుట్టేవాని దుడ్లు నేసేవాని ఇంట్లో ఉండకూడదురా," అంది. "మనం నేస్తేనే వాడు కుట్టేది. వాడు కుట్టకపోతే మనం నేసేది ఎవురికి? ఇచ్చెయ్."

మళ్లీ లోపలికి పోయింది. నాడె చప్పుడు మొదలైంది.

నేను బస్సెక్కేటప్పుడు కూడా డబ్బు వస్తుందని అనుకోలేదు. కానీ అతను రెండు రోజులకు వకీలు ఆఫీసుకే వచ్చాడు. పోలీసు ఫిర్యాదు ఒక్కటి ఆపండి, అంతా ఒక్కసారిగా ఇవ్వలేను, కొంత గడువు ఇవ్వండి అన్నాడు. వకీలు నన్ను పక్కకు పిలిచి, దావా వేస్తే గెలుస్తావు గానీ, గెలిచేసరికి నీ కొడుకు దర్జీ అవుతాడు, షబేబరాత్ మాత్రం నీ కోసం ఆగదు అన్నాడు. ఒప్పుకున్నాను. కాగితం రాసుకున్నాం. ఒప్పందం రద్దయినట్టు, ఎనిమిది వేలు అతను బాకీ ఉన్నట్టు, అందులో అయిదు వేలు పండగకు ముందు, మిగతా మూడు వేలు మూడు నెలల్లో ఇచ్చేటట్టు. పాస్‌పోర్టు ఆ రోజే ఇవ్వాలన్నాడు వకీలు. తోలు సంచి నుంచి తీసిచ్చాడు. నా ఫోటో నన్ను చూసి తెల్లబోయింది. ఎక్కడికీ పోకుండానే చాలా దూరం తిరిగొచ్చినట్టు కనబడింది. మొత్తం సొమ్ము చెల్లేదాకా ఫిర్యాదు కాగితాలు వకీలు ఫైలులోనే ఉంటాయని కూడా రాశారు.

ఈసారి ఆ కాగితాన్ని రెండుసార్లు చదివి సంతకం పెట్టాను. వకీలు మూడోసారి కూడా చదవమన్నాడు.

రసీదు లేని ఆ వెయ్యి మాట వచ్చినప్పుడు ఏజెంటు నేల వైపు చూశాడు. డాక్టరు పరీక్షకు ఖర్చయిందన్నాడు. ఏ డాక్టరూ నా చేయి పట్టుకుని చూడలేదు. అయినా ఎవరూ గట్టిగా అడగలేదు. ఆ వెయ్యి మా మధ్య అట్లాగే, కుట్టకుండా వదిలేసిన జేబులా ఉండిపోయింది.

షబేబరాత్‌కు రెండు రోజుల ముందు మధ్యాహ్నం ఎండలో అతను అరుగు దగ్గరికి వచ్చాడు. నడిచి వచ్చాడు. బస్సు దిగి వస్తున్నానన్నాడు. మోటారు సైకిలు ఏదని నేను అడగలేదు. అయిదు వేలూ ఇచ్చి, నా చేత రసీదు రాయించుకున్నాడు. ఇప్పుడు రసీదులు రాసేది నేను. శెట్టి కొట్టులోంచి మంచినీళ్లు తెచ్చి ఇచ్చాను. తాగి, గ్లాసు బల్ల మీద పెట్టి వెళ్లిపోయాడు.

ఆ సాయంత్రమే శెట్టి తాళం తీశాడు. గదిలో పది నెలల దుమ్ము, నా పాత సుద్దముక్క ఒకటి కిటికీలో. మా ఆవిడ వచ్చి కడిగింది. పాత మిషను ఒకటి వాయిదాల మీద తెచ్చాను. ఆ రంజాన్‌లో నేను పగలు రోజా ఉండి, రాత్రి నిద్ర లేకుండా కుట్టాను. నెలవంక కనబడిన చాంద్ రాత్ నాడు ఒక గిరాకీ, "ఏమన్నా, జెద్దా నుంచి ఎప్పుడొచ్చినావు?" అన్నాడు. ఇప్పుడే దిగానన్నాను. మిగతా మూడు వేలు చెప్పిన నెలల్లోనే వచ్చాయి. ఒకసారి పది రోజులు ఆలస్యంగా, కానీ వచ్చాయి. వకీలు ఫిర్యాదు కాగితాలు చించి నా చేతికే ఇచ్చాడు. ఆయన కోటుకు కొత్త లైనింగు వేసి, చెప్పిన రోజునే ఇచ్చాను. ఆయనకు నమ్మకం కుదరక రెండు రోజులు ఆలస్యంగా వచ్చాడు.

తర్వాత ఏడాదికి ఏజెంటు మళ్లీ నా దుకాణం గుమ్మంలో నిలబడ్డాడు. ఏజెంటు అనకూడదు. మళ్లీ మగ్గం ఎక్కాడట. బొంబాయి వాడు చివరికి దొరకలేదట. అన్న కొడుకు ఊళ్లోనే పని చూసుకున్నాడట. ఆ అన్న కొడుకు పెండ్లే ఇప్పుడు. తనకు ఒక సఫారీ సూటు కావాలి. వీధిలో ఇంకో ఇద్దరు దర్జీలు ఉన్నారు. నా దగ్గరికే ఎందుకు వచ్చాడో అడగలేదు. సూటు కుట్టించుకోవడానికి వచ్చాడా, క్షమాపణ కుట్టించుకోవడానికి వచ్చాడా నాకు తెలియదు. గుడ్డ తీసుకున్నాను. కొలతలు తీసుకున్నాను. నడుము తగ్గింది, భుజాలు కాస్త వంగాయి. మజూరీ మొత్తం ముందే అడిగాను. ఇచ్చాడు. రసీదు ఇచ్చాను.

"ఎప్పుడిస్తావన్నా?"

"వచ్చే శుక్రవారం," అన్నాను.

అతను ఒక్క క్షణం నా ముఖం చూసి పోయాడు.

శుక్రవారం బస్సు దిగి వచ్చాడు. టీ తెప్పించాను. కాజాలు మిగిలి ఉన్నాయి, వచ్చే శుక్రవారం అన్నాను. ఆ శుక్రవారం కూడా వచ్చాడు. మళ్లీ టీ తెప్పించాను. బొత్తాలు బొంబాయి నుంచి బయలుదేరినాయి, దారిలో ఉండాయి అన్నాను. అతను టీ చివరి చుక్క దాకా తాగి లేచిపోయాడు. మా ఆవిడకు ఈ సంగతి చెప్పి నవ్వబోతే, పాపం ముసలామె కొడుకు, బస్సు ఖర్చులు అంది. నేను నవ్వు ఆపుకున్నాను గానీ, సూటు మాత్రం తీయలేదు.

మూడో శుక్రవారానికి పెండ్లికి ఇంకా రెండు రోజులే ఉంది. జుమ్మా ముగించుకుని వచ్చేసరికి దుకాణం ముందు నిలబడి ఉన్నాడు. ఈసారి టీ తెప్పించలేదు. తెర వెనక్కి పోయి, కొక్కేనికి వేలాడుతున్న సూటు తెచ్చి చేతిలో పెట్టాను. ఇస్త్రీ మడత చెక్కు చెదరలేదు. అతను తొడుక్కుని చూసుకున్నాడు. ఎక్కడా ఒక్క కుట్టు వదులు లేదు. కాలరు సర్దుకుంటూ ఆగి, ముక్కు దగ్గరికి తెచ్చుకున్నాడు. పురుగు పట్టకుండా వేసే నాఫ్తలీన్ ఉండల వాసన. ఒక్క రోజులో ఎక్కే వాసన కాదది.

"ఇది ఎప్పుడు కుట్టినావన్నా?"

"మొదటి శుక్రవారం," అన్నాను.

అతను నవ్వలేదు, కోపమూ పడలేదు. మగ్గం మీద దారం తెగితే ముడి వేసేముందు నేతగాడు చూసే చూపొకటి ఉంటుంది. అట్లా కాసేపు చూసి, సూటు విప్పి మడత పెట్టి చంకలో పెట్టుకున్నాడు. బస్సుకు పోతూ గుమ్మం దగ్గర ఆగి, పెండ్లికి రమ్మన్నాడు.